అదనంగా పెట్టే 30 లక్షలు ఎంత సంపాదిస్తాయి?

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా బంగారుపాళెం మండలం. రోడ్డు పక్కన అర ఎకరం ఖాళీ స్థలం ఉంది. అందులో మామిడి, అరటి మాగబెట్టే గదులు కట్టాలా, చిన్న మామిడి గుజ్జు యూనిట్ పెట్టాలా అని ఇంట్లో తర్జనభర్జన పడుతున్నాం. స్థలం చాలదు కాబట్టి ఏదో ఒకటే సాధ్యం. గదులకు 20 లక్షలు అవుతుంది, ఏడాదికి 7 లక్షల చొప్పున ఆరేళ్లు మిగులుతుంది. గుజ్జు యూనిట్‌కు 50 లక్షలు కావాలి. వ్యాపారులు తెచ్చే కాయకు కూలి తీసుకుని గుజ్జు తీసి డబ్బాల్లో నింపి ఇవ్వడమే పని. అందులో మొదటి ఏడాది 8, రెండో ఏడాది 12, మూడో ఏడాది 15, ఆ తర్వాత మూడేళ్లు 20 లక్షల చొప్పున మిగులుతుందని అంచనా. ఇవన్నీ కరెంటు, జీతాలు, పన్ను పోను, బ్యాంకు వాయిదాలు కట్టక ముందు లెక్కలు. మా చేతిలో 20 లక్షలు ఉన్నాయి. మిగతాది బ్యాంకు 11 శాతం వడ్డీకి ఐదేళ్ల గడువుతో ఇస్తానంటోంది. గదులైతే మూడేళ్లలోపే డబ్బు తిరిగొస్తుందని మా బావమరిది అంటాడు. ఐఆర్ఆర్ కూడా గదులకే ఎక్కువని మా అమ్మాయి లెక్క తీసింది. ఆడిటర్ గారు మాత్రం 12 శాతం చొప్పున ఎన్‌పీవీ చూసి గుజ్జు యూనిటే మేలంటున్నారు. ఎవరి మాట వినాలి? వచ్చే సీజన్‌కే మొదలుపెట్టాలని ఉంది. ఇప్పుడు నవంబరు కదా, తొందరగా తేల్చుకోవాలి.

సమాధానం: ముగ్గురి లెక్కలూ నేను మళ్లీ వేసి చూశాను. ఎవరిదీ తప్పు కాదు. మీ బావమరిది డబ్బు ఎంత కాలం ఇరుక్కుని ఉంటుందో చూశారు. మీ అమ్మాయి పెట్టిన ప్రతి రూపాయీ ఏ రేటున సంపాదిస్తుందో చూసింది. ఆడిటర్ గారు ఆరేళ్లు గడిచేసరికి మీ ఇంటి ఆస్తి నేటి విలువలో ఎన్ని రూపాయలు పెరుగుతుందో చూశారు. రెండు పనుల్లో ఒక్కటే చేయగలిగినప్పుడు చివరి మాట ఆ మూడో లెక్కదే కావాలి. అయితే మీ విషయంలో ఆ లెక్క ఒక తేదీ మీద ఆధారపడి ఉంది. దాన్ని మీ ముగ్గురిలో ఎవరూ తడిమినట్టు లేదు. అందుకే కొంచెం విపులంగా రాస్తున్నాను.

ముందు ఎన్‌పీవీ, అంటే నికర ప్రస్తుత విలువ ఎలా వచ్చిందో చూద్దాం. ఏడాది తర్వాత చేతికొచ్చే లక్ష రూపాయలు, 12 శాతం లెక్కన ఈ రోజు 89,290 రూపాయలతో సమానం. ఆరేళ్ల తర్వాత వచ్చే లక్ష అయితే 50,660తో సమానం. కాబట్టి గుజ్జు యూనిట్ ఆరో ఏడాది ఇచ్చే 20 లక్షలను చూసి మురిసిపోకూడదు, నేటి విలువలో అది 10 లక్షల పైచిలుకే. ఇలా ఒక్కో ఏడాది మిగులునూ నేటి విలువకు దించి అన్నీ కలిపితే గుజ్జు యూనిట్‌కు 61.58 లక్షలు వస్తుంది. పెట్టిన 50 లక్షలు తీసేస్తే 11.58 లక్షలు నికరం. మాగబెట్టే గదులకు అదే పద్ధతిలో 28.78 లక్షలు వస్తుంది, 20 లక్షలు పోను 8.78 లక్షలు నికరం. తేడా 2.80 లక్షలు, గుజ్జు యూనిట్ వైపు.

ఐఆర్ఆర్ అనేది ఈ నికరం సరిగ్గా సున్నా అయ్యే రేటు. గదులకు అది 26.4 శాతం, గుజ్జు యూనిట్‌కు 18.7 శాతం. ఇందులో మీ అమ్మాయి గమనించాల్సింది ఒకటుంది. 26.4 శాతం అనేది 20 లక్షల మీద, 18.7 శాతం అనేది 50 లక్షల మీద. శాతం చెప్పేటప్పుడు కింద ఉన్న మొత్తం కనబడకుండా పోతుంది. సంసారం నడిచేది రూపాయలతో కాబట్టి, పెట్టుబడులు ఇంత హెచ్చుతగ్గులుగా ఉన్నప్పుడు రెండు శాతాలను పక్కపక్కన పెట్టి పెద్దది ఎంచుకోవడం సరికాదు.

అలాగని ఐఆర్ఆర్‌ను పక్కన పడేయమనడం లేదు. దాన్ని సరైన చోట వాడాలి. గదులు ఎలాగూ లాభమే, 12 శాతం దాటి బాగా పైనే ఉంది. అసలు ప్రశ్న ఏమిటంటే, గదులకు సరిపోయే 20 లక్షల దగ్గర ఆగకుండా ఇంకో 30 లక్షలు అదనంగా పెట్టడం లాభమేనా? కాబట్టి గుజ్జు యూనిట్ అంకెల్లోంచి గదుల అంకెలు ఏడాదికేడాది తీసేయండి. ఈ రోజు 30 లక్షలు అదనంగా పోతుంది. దానికి ప్రతిఫలంగా మొదటి ఏడాది 1 లక్ష, రెండో ఏడాది 5, మూడో ఏడాది 8, ఆ తర్వాత మూడేళ్లు 13 లక్షల చొప్పున అదనంగా వస్తుంది. ఈ తేడా వరుసకు ఐఆర్ఆర్ తీస్తే సుమారు 14.5 శాతం. మీరు ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోవాల్సిన అంకె ఇదే.

కంప్యూటర్‌లో మీ అమ్మాయి ఇలా చేయవచ్చు. రెండో వరుసలో నేటి ఖర్చు మైనస్ గుర్తుతో, మూడు నుంచి ఎనిమిది వరుసల్లో ఆరేళ్ల మిగులు వేయాలి. B నిలువులో గదులు, C నిలువులో గుజ్జు యూనిట్, D నిలువులో C నుంచి B తీసేసిన తేడా.

```
=NPV(12%, C3:C8) + C2
=IRR(D2:D8)
```

మొదటి సూత్రంలో C2 బ్రాకెట్ల బయట ఉండటం గమనించండి. ఈ ఫంక్షన్ తనకిచ్చిన మొదటి అంకెను ఏడాది చివర వచ్చేదిగా లెక్కిస్తుంది. నేటి ఖర్చును కూడా లోపలికి నెట్టి C2:C8 అని ఇస్తే 11.58కి బదులు 10.34 వస్తుంది. తప్పు అంకె కూడా నమ్మేటట్టే కనబడుతుంది కాబట్టి చాలామంది పట్టుకోలేరు.

ఇక ఆ 14.5 శాతాన్ని దేనితో పోల్చాలి? మీరు గుజ్జు యూనిట్ వద్దనుకుంటే ఆ అదనపు 30 లక్షలు మీ దగ్గర మిగిలే డబ్బు కాదు, తీసుకోని అప్పు. దాని ఖరీదు 11 శాతం. 11 ఇచ్చి తెచ్చి 14.5 సంపాదిస్తారు. ఆ మూడున్నర శాతమే యంత్రాలు, కూలీలు, బాయిలర్, కాయ రాక, వ్యాపారుల బేరం అన్నీ నెత్తిన పెట్టుకున్నందుకు మీకు మిగిలే ప్రతిఫలం. అది చాలునా అన్నది మీరు తేల్చుకోవాలి. నా మటుకు అది సన్నని అంచే అనిపిస్తుంది, కానీ లేనిది కాదు.

ఆడిటర్ గారి 12 శాతం ఎంత ముఖ్యమో కూడా ఇక్కడే తెలుస్తుంది. బ్యాంకులో డిపాజిట్ వేస్తే వచ్చేదెంత అని ఆలోచించి ఎవరైనా 7 శాతంతో లెక్క వేస్తే, గుజ్జు యూనిట్ 23 లక్షలు, గదులు 13.4 లక్షలు అని తేలి సందేహానికే తావుండదు. 16 శాతంతో వేస్తే గదులు 5.8 లక్షలు, గుజ్జు యూనిట్ 4.2 లక్షలు అని తలకిందులవుతుంది. తిరగబడే చోటు ఆ 14.5 శాతమే. డిపాజిట్ రేటు ఈ పనికి పనికిరాదు, అది నష్టభయం లేని డబ్బుకు వచ్చే రేటు. 11 శాతానికి అప్పు తెస్తూ, సొంత డబ్బును అంతకంటే పెద్ద రిస్కులో పెడుతున్నప్పుడు 12 కంటే తక్కువ వేయడానికి నాకు కారణం కనిపించదు. రెండు పాయింట్లు పైకి వేసినా తప్పుపట్టను. ఆడిటర్ గారిని 12 ఎందుకు తీసుకున్నారని ఒక్కసారి అడగండి. ఆ జవాబు మీకు నచ్చితేనే ఆయన తీర్పు తీసుకోండి.

బ్యాంకు వాయిదాలు తీయక ముందు మిగులుతో లెక్క వేయడం సరైన పద్ధతే. వడ్డీ భారం ఆ 12 శాతంలోనే ఉంది. వాయిదాలు కూడా తీసేసి మళ్లీ 12 శాతంతో దించితే ఒకే ఖర్చును రెండుసార్లు లెక్కపెట్టినట్టు. ఆడిటర్ లెక్కల్లో కనిపించే తరుగుదల మాటా అంతే. అది పన్ను లెక్కకు పనికొస్తుందే గాని, ఏ ఏడాదీ మీ జేబులోంచి బయటికి పోయే డబ్బు కాదు. ఎవరైనా సబ్సిడీ వస్తుందని చెబితే, దాన్ని ఈ రోజు ఖర్చులోంచి తగ్గించకుండా, నిజంగా చేతికొచ్చే ఏడాది వరుసలో రాయండి. మూడో ఏడాది చివర వచ్చే 10 లక్షలు ఈ రోజు 7.12 లక్షలే.

ఇప్పుడు ఆ తేదీ సంగతి. మీ ప్రాంతంలో గుజ్జుకు పోయే తోతాపురి కాయ ప్రధానంగా జూన్, జులైలలోనే వస్తుంది. గదుల్లో మామిడి అయిపోయాక అరటి మాగబెట్టుకోవచ్చు, ఏడాది పొడవునా ఏదో ఒక పని ఉంటుంది. గుజ్జు యూనిట్ ఏడాది సంపాదనంతా ఆ కొద్ది వారాల్లోనే తేలిపోతుంది. పని ఐదారు వారాలు ఆలస్యమైతే ఐదారు వారాల ఆదాయమే పోతుందని అనుకోవద్దు. బాయిలర్ రిజిస్ట్రేషన్ కాగితం జులై చివర చేతికొస్తే ఆ ఏడాదికి షట్టరు దించినట్టే.

ఈ ఆలస్యాన్ని లెక్కలో పెట్టి చూడండి. 50 లక్షలు ఈ రోజు ఖర్చయిపోయి, సీజన్ ఒకటి తప్పి, మిగులు వరుస మొత్తం ఏడాది వెనక్కి జరిగిందనుకుందాం. 61.58 లక్షలు 54.98 అవుతుంది. నికరం 11.58 నుంచి 4.98 లక్షలకు పడిపోతుంది. గదుల 8.78 ముందు అది వెలవెలబోతుంది. ఎంత ఆలస్యానికి రెండూ సమానమవుతాయో కూడా చూశాను. మిగులు నెలనెలా సమానంగా వచ్చే వ్యాపారమైతే ఐదు నెలల ఆలస్యం దాకా గుజ్జు యూనిట్ తట్టుకునేది. మామిడిలో ఆ వెసులుబాటు లేదు. సీజన్ అందుకుంటే 11.58, తప్పితే 4.98. మధ్యలో మెట్టు లేదు.

అందుకే 12 వేయాలా, 13 వేయాలా అని వాదించుకోవడం కంటే, మే నెల మొదటి వారానికి మీ దగ్గర ట్రయల్ రన్ జరుగుతుందా లేదా అన్నదే నాకు పెద్ద ప్రశ్న. షెడ్డు, గుజ్జు తీసే యంత్రం, బాయిలర్, అదనపు లోడు కరెంటు కనెక్షన్, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, ఆహార భద్రత లైసెన్సు... వీటిలో ఒక్కటి ఆగినా మిగతావన్నీ సిద్ధంగా ఉండి లాభం లేదు. ఇప్పటికి నవంబరు వచ్చేసింది. ఆరు నెలల్లో ఇవన్నీ అవుతాయని యంత్రాలు అమ్మే వాళ్లు చెబుతారు. అలాంటి మాటను అడ్వాన్సు తీసుకోక ముందు చెప్పిన మాటగానే చూడండి. మీ చుట్టుపక్కల గుజ్జు యూనిట్ నడిపే ఇద్దరు ముగ్గురిని కలిసి, స్థలం చదును చేసిన రోజు నుంచి మొదటి డబ్బా మూత బిగించిన రోజు వరకు ఎన్ని నెలలు పట్టిందో అడగండి. లాభం ఎంతని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పరు. ఆలస్యం గురించి అడిగితే మాత్రం ప్రతి ఒక్కరూ కథలుకథలుగా చెబుతారు.

ఆలస్యం రెండు రకాలు. డబ్బు పోసేశాక సీజన్ తప్పడం ఒకటి, డబ్బు పోయకుండా సీజన్ కోసం ఆగడం ఒకటి. మొదటిదానిలో నికరం 4.98 లక్షలని చూశాం. రెండోదానిలో, అంటే ఖర్చూ మిగులూ రెండూ ఏడాది వెనక్కి జరిగితే, 11.58 లక్షలను ఒక్క ఏడాదికి దించితే చాలు, 10.34 లక్షలు వస్తుంది. అప్పటికీ అది గదుల 8.78 కంటే ఎక్కువే. కాబట్టి మే నాటికి సిద్ధమవుతుందన్న గట్టి నమ్మకం లేకపోతే ఈ సీజన్‌ను వదిలేయండి. కాగితాల పని, అనుమతులు ఇప్పుడే మొదలుపెట్టండి, వాటికి పెద్దగా ఖర్చు కాదు. యంత్రాలకు పెద్ద మొత్తం మాత్రం వచ్చే శీతాకాలంలోనే విడుదల చేయండి. ఆ లోపల ఈ వచ్చే సీజన్‌లో ఏ వ్యాపారి మీకు కాయ ఇస్తాడో, ఎంత కూలికి ఇస్తాడో కళ్లారా చూసుకునే అవకాశం కూడా ఉంటుంది. మొదటి ఏడాది 8 లక్షలు అన్న అంచనా ఎంతవరకు నిజమో అప్పుడు తెలుస్తుంది.

మీ బావమరిది మాటను నేను తేలికగా తీసుకోవడం లేదు. గదులు రెండేళ్ల పది నెలల్లో, గుజ్జు యూనిట్ మూడేళ్ల తొమ్మిది నెలల్లో పెట్టుబడి తిరిగిస్తాయి. ఆ తేదీ తర్వాత ఏం జరుగుతుందో ఈ లెక్కకు కనబడదు. గుజ్జు యూనిట్‌కు ఏడాదికి 20 లక్షలు వచ్చే ఐదు, ఆరో ఏళ్లు ఇందులో అసలు లేనే లేవు. అందుకే రెండింటిలో ఏది మేలన్నది దీనితో తేల్చకూడదు. కానీ ఆయన మనసులో ఉన్న భయం చేతిలో డబ్బు ఆడుతుందా లేదా అన్నది, దానికి ఎన్‌పీవీ దగ్గర జవాబు లేదు. 30 లక్షలకు 11 శాతం వడ్డీతో ఐదేళ్ల గడువంటే నెలకు సుమారు 65,200 రూపాయల వాయిదా, ఏడాదికి 7.83 లక్షలు. మొదటి ఏడాది మిగులు 8 లక్షలు. మిగిలేది పదిహేడు వేలు. ఆ 8 లక్షలు 6 అయితే దాదాపు రెండు లక్షలు ఇంట్లోంచి తీసి కట్టాలి, అప్పటికి మీ 20 లక్షలూ యూనిట్‌లోనే ఉంటాయి. పైగా వాయిదా ప్రతి నెలా కట్టాలి, మీ ఆదాయం జూన్, జులైలలో వస్తుంది.

అందుకని బ్యాంకు మేనేజరుతో మాట్లాడేటప్పుడు వడ్డీలో పావు శాతం తగ్గించమని బతిమాలే బదులు రెండు విషయాలు గట్టిగా అడగండి. మొదటి సీజన్ ఆదాయం వచ్చేదాకా అసలు కట్టకుండా వడ్డీ మాత్రమే కట్టే వెసులుబాటు ఒకటి. నెలవారీ వాయిదాకు బదులు సీజన్ తర్వాత పెద్ద మొత్తం కట్టే పద్ధతి రెండోది. ఈ రెండూ కుదరకపోతే, కనీసం ఒక ఏడాది వాయిదాలకు సరిపడా డబ్బు పక్కన లేకపోతే, ఎన్‌పీవీ ఎంత చూపించినా నేను గుజ్జు యూనిట్ వైపు మొగ్గను. గదులైతే మీ సొంత 20 లక్షలతో, పైసా అప్పు లేకుండా అయిపోతాయి.

మీరు ముగ్గురూ చూడని మూడో దారి ఒకటుంది. గదులకు అంత మంచి రేటు వస్తుంటే, అదే స్థలంలో ఇంకొన్ని గదులు వేయవచ్చా? రెండో విడతకూ 20 లక్షలు పెట్టి 7 లక్షలే తీయగలిగితే రెండూ కలిపి నికరం 17.56 లక్షలు, గుజ్జు యూనిట్ దరిదాపులకు కూడా రాదు. అంత పని దొరకదేమో, మార్కెట్‌లో మాగబెట్టడానికి వచ్చే కాయకూ ఒక హద్దుంటుంది. కానీ రెండో విడత ఏడాదికి 5.5 లక్షలు తెచ్చినా మొత్తం 11.39 లక్షలు అవుతుంది. గుజ్జు యూనిట్ 11.58తో దాదాపు సమానం, అదీ 10 లక్షలు తక్కువ పెట్టుబడితో, సీజన్ గండం లేకుండా. రెండో విడత ఏడాదికి 4.86 లక్షల కంటే తక్కువ తెస్తే మాత్రం అది దండగ. 26 శాతం అన్నది మళ్లీ మళ్లీ సంపాదించగలిగే రేటైతేనే మీ అమ్మాయి ఐఆర్ఆర్‌కు బలం. కాబట్టి అర ఎకరంలో ఎన్ని గదులు పడతాయో మేస్త్రిని అడగండి, ఎన్ని గదులు నిండుతాయో మండీ వాళ్లను అడగండి.

ఈ వారంలోనే చేయగలిగిన పని ఒకటి చెబుతాను. యంత్రాల సరఫరాదారు నుంచి సరుకు అందించే తేదీ, బిగించి నడిపి చూపించే తేదీ రాతపూర్వకంగా తీసుకోండి. ఏప్రిల్ 30 దాటితే రోజుకు ఇంత అని కోత పడే షరతు రాయించండి, చివరి 25 శాతం డబ్బు ట్రయల్ రన్ అయ్యాకే ఇస్తాననండి. అతను సంతకం పెడితే, బ్యాంకు వాయిదాల సంగతి కూడా కుదిరితే, గుజ్జు యూనిట్‌కు వెళ్లవచ్చు. సంతకానికి వెనకాడితే ఈ సీజన్‌కు అడ్వాన్సు ఇవ్వకండి. మండీ వాళ్లు, మేస్త్రి చెప్పిన జవాబులతో గదుల లెక్కను రెండు విడతలకూ వేసి నాకు మళ్లీ రాయండి.